వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు వరసగా పోతుంటే: ఫిర్యాదుకు ముందు న్యూట్రల్ లోపాన్ని రుజువు చేయడం ఎలా

ఒక ఇంట్లో టీవీ పోతే టీవీ పాతదైపోయిందనుకుంటాం. అదే నెలలో పక్కింట్లో సెట్‌టాప్ బాక్స్, ఎదురింట్లో వాషింగ్ మెషిన్ బోర్డు, వీధి చివర రెండు ఇళ్లలో ఎల్‌ఈడీ బల్బులు డజను లెక్కన పోయాయంటే అనుమానం లైను మీదికి వెళ్లాల్సిందే. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్ల పాత వీధుల్లో ఇలాంటి గొడవ వచ్చినప్పుడు ముందుగా చూడాల్సినది న్యూట్రల్ తీగ అతుకు. ఎత్తు తక్కువ స్తంభాలు, చేత్తో మెలిపెట్టిన అతుకులు, తుఫాను తర్వాత హడావిడిగా లాగిన లైన్లు ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాల లైన్లను నేలకూల్చింది. అలాంటి తుఫాన్ల తర్వాత ముందు కరెంటు వస్తే చాలన్నట్టు కట్టిన అతుకు ఏ ఊళ్లో ఉన్నా అనుమానించదగ్గదే.

కాలిపోయిన వస్తువుల జాబితా పట్టుకుని ఆఫీసుకు వెళ్తే పెద్దగా ఫలితం ఉండదు. "మీ ఇంట్లో వైరింగ్ చూపించుకోండి" అంటారు. లేదా లైన్‌మ్యాన్ మధ్యాహ్నం వచ్చి టెస్టర్ పెట్టి, అంతా బాగానే ఉందని వెళ్లిపోతాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మధ్యాహ్నం నిజంగానే బాగుంటుంది. ఆ మాటకు జవాబు ఒక్కటే: వేర్వేరు ఫేజుల మీద ఉన్న మూడు ఇళ్లలో ఒకే నిమిషంలో తీసిన వోల్టేజీలు.

న్యూట్రల్ వదులైతే ఏమవుతుంది

వీధిలోకి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, ఆ న్యూట్రల్ ఇస్తారు. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం ఏ ఇంట్లో ఎంత వాడినా అందరికీ దాదాపు 230 వోల్టులే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, మధ్యలో ఏదో స్తంభం మీదో న్యూట్రల్ అతుకు వదులైతే ఆ తర్వాత ఉన్న ఇళ్లన్నీ ఒకదాని వోల్టేజీ ఇంకొకటి లాక్కోవడం మొదలుపెడతాయి. ఎక్కువ వాడుతున్న ఫేజులో వోల్టేజీ పడిపోతుంది. తక్కువ వాడుతున్న ఫేజులో పెరిగిపోతుంది. అంటే ఇంట్లో ఒక ఫ్యాను, రెండు లైట్లు మాత్రమే వేసుకున్న ముసలాయన టీవీ కాలిపోతుంది. కారణం ఆయన ఇల్లు కాదు, నాలుగిళ్ల అవతల నడుస్తున్న పిండిమర.

ఫేజు తెగితే వీధిలో మూడో వంతు చీకటైపోతుంది, వెంటనే ఫోన్లు వెళ్తాయి. న్యూట్రల్ వదులైతే దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పైగా న్యూట్రల్‌కు ఫ్యూజు ఉండదు. అల్యూమినియం తీగకు రాగి తీగను నేరుగా మెలిపెడితే తేమకు ఆ చోట తుప్పు పడుతుంది. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. నల్ల కట్ట తీగ, అంటే ఏబీ కేబుల్ వేసిన వీధుల్లో చాలాచోట్ల కట్టను మోసే తీగనే న్యూట్రల్‌గా వాడతారు. దాని బిగింపు వదులైనా ఇదే కథ.

అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. పర్లాకిమిడిలో ఒక వీధి అనుకుందాం. సాయంత్రం ఒక ఫేజు మీద 5.3 కిలోవాట్లు, రెండోదాని మీద 2.6, మూడోదాని మీద 1.3 కిలోవాట్ల వాడకం ఉంది. న్యూట్రల్ అతుకు తుప్పుపట్టి 10 ఓమ్‌ల అడ్డు తెచ్చిపెట్టింది. మధ్యాహ్నం వాడకం ఇందులో పదో వంతు. లెక్క వేస్తే మూడు ఫేజుల మీద ఉన్న మూడు ఇళ్లలో వోల్టేజీ ఇలా వస్తుంది:

| సమయం | 3వ ఇల్లు | 7వ ఇల్లు | 11వ ఇల్లు | న్యూట్రల్–ఎర్త్ మధ్య |
|---|---|---|---|---|
| మధ్యాహ్నం 3:00 | 218 | 233 | 240 | 13 |
| సాయంత్రం 7:30 | 179 | 247 | 274 | 55 |

మధ్యాహ్నం వరస చూడండి. ఇప్పుడు అమల్లో లేని పాత భారత విద్యుత్ నిబంధనలు 1956లో 54వ నిబంధన ఇళ్ల వోల్టేజీకి పెట్టిన హద్దు పైకీ కిందికీ 6 శాతం. 230 మీద అది 216 నుంచి 244 దాకా. మూడు ఇళ్లూ ఆ హద్దులోనే ఉన్నాయి. మూడు గంటలకు వచ్చిన లైన్‌మ్యాన్‌కు తప్పేమీ కనిపించదు. చివరి గడిలోని 13 వోల్టులే అసలు సంగతి చెబుతున్నాయి, కానీ అది ఎవరూ కొలవరు. సాయంత్రానికి అదే అతుకు దగ్గర 300 వాట్ల వేడి పుడుతోంది. ఇస్త్రీ పెట్టె వేడిలో మూడో వంతు ఒక తీగ మెలికలో అన్నమాట. అలాంటి అతుకు ఎన్నాళ్లో నిలవదు. పూర్తిగా తెగిన రోజు ఇదే వాడకంలో మూడు ఇళ్లలో 151, 261, 301 వోల్టులు ఉంటాయి. ఎర్త్‌తో పోలిస్తే న్యూట్రల్ మీద 87 వోల్టులు ఉంటాయి. టీవీ, రూటరు, ఎల్‌ఈడీ డ్రైవర్ల లోపల సాధారణంగా 400 వోల్టుల కెపాసిటర్ ఉంటుంది. 301 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారితే దాదాపు 425 అవుతుంది. కెపాసిటర్ ఉబ్బిపోవడానికి అది చాలు.

మొదటి పని: మీ ఇంటిని అనుమానం నుంచి తప్పించడం

తప్పు మీ ఇంట్లోనే ఉంటే వీధంతా తిరిగి కూడగట్టిన రుజువు ఒక్క ప్రశ్నతో కూలిపోతుంది. కాబట్టి ముందు దీన్ని తేల్చుకోండి.

ఒక డిజిటల్ మల్టీమీటరు కావాలి. ముందు భాగం మీద క్యాట్-3, 600 వోల్టులు అని ముద్రించి ఉన్నదే కొనండి. సంతలో దొరికే పసుపు రంగు చవక మీటరు గోడలోని కరెంటుకు పెట్టదగ్గది కాదు. నల్ల తీగ కామ్ రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో పెట్టాలి. ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా ప్లగ్గులో పెడితే అది నేరుగా షార్టు, చేతిలోనే పేలుతుంది. కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో ఇదే పెద్దది. గుండ్రటి మీటను వి పక్కన అల గీత ఉన్నచోట, 600 లేదా 750 మీదికి తిప్పండి. ఇది చేతకాదనిపిస్తే ప్లగ్గులో పెడితే అంకె చూపించే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఎర్త్‌తో తీసే కొలతలకు తప్ప మిగతా అన్నింటికీ అదే చాలు.

మీటరు బోర్డుకు దగ్గరగా ఉన్న ప్లగ్గులో వోల్టేజీ రాసుకోండి. ఇప్పుడు 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె వేరే ప్లగ్గులో వేసి మళ్లీ చూడండి. రెండు మూడు వోల్టులు తగ్గితే మామూలే. పది, పదిహేను తగ్గితే, అదే సమయంలో అదే ఫేజు మీదున్న పక్కింట్లో తగ్గకపోతే, తప్పు మీ సర్వీసు వైరులోనో మెయిన్ స్విచ్చు దగ్గరో ఉంది. దాన్ని ముందు బాగుచేయించుకోండి. మీ ఇంట్లో గీజరు వేస్తే మీ ఇంట్లోనే ఇంకో గదిలో లైటు వెలుగు *పెరిగితే* అది న్యూట్రల్ గొడవ, ఇంట్లోదైనా కావచ్చు, వీధిదైనా కావచ్చు. కానీ ఇది మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లకే వర్తిస్తుంది.

తర్వాత మూడు పిన్నుల ప్లగ్గులో మూడు కొలతలు తీయాలి: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్. ఇంటి ఎర్త్ బాగుంటే ఫేజు–ఎర్త్ దాదాపు 230 దగ్గర ఉంటుంది. న్యూట్రల్ కూడా బాగుంటే న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టులు దాటదు. ఫేజు–ఎర్త్ అర్థం లేకుండా 40, 90, 60 అంటూ ఊగుతుంటే ఆ ప్లగ్గుకు ఎర్త్ తీగే కలపలేదని అర్థం. లేదా ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉండొచ్చు. అలాంటి ఇంటి న్యూట్రల్–ఎర్త్ కొలతను రుజువుగా వాడొద్దు. ఎర్త్ బాగుందో లేదో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూడమని కొందరు చెబుతారు. అలా చేయకండి. ఎర్త్ బాగోకపోతే ఆ క్షణంలో ఇంట్లో ఉన్న ప్రతి ఫ్రిజ్, మోటారు ఒంటికి కరెంటు వస్తుంది. ఆ పరీక్ష లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

రెండో పని: ఏది ఎలా పోయిందో రాసి పెట్టడం

ఒక నోటు పుస్తకం వీధికి ఒకటి చాలు. ప్రతి పోయిన వస్తువుకు తేదీ, సమయం, ఇంటి నంబరు, వస్తువు, ఎన్నేళ్లది, ఆ సమయంలో కరెంటు పోయి వచ్చిందా, వాన ఉందా, మెకానిక్ ఏ భాగం పోయిందన్నాడు, బిల్లు ఎంత. మెకానిక్ "బోర్డు పోయింది" అని మాత్రమే రాస్తాడు. మీరు నిలబడి ఏ భాగం పోయిందో రాయించండి, పాత బోర్డు వెనక్కి తీసుకోండి. దాన్ని పారేయకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన తేదీ, ఇంటి నంబరు రాయండి.

పోయిన భాగమే కారణాన్ని చాలావరకు చెబుతుంది. కరెంటు లోపలికి వచ్చే చోట బోర్డు మీద నీలం రంగు బిళ్ల ఒకటి ఉంటుంది, ఎంఓవీ అంటారు. దాని మీద 471 అని ఉంటే అది 300 వోల్టుల ఏసీ దాకా తట్టుకునేది. అది నల్లగా పగిలిపోయి, పక్కన ఫ్యూజు పోయి, పెద్ద కెపాసిటర్ పైభాగం ఉబ్బి ఉంటే చాలాసేపు ఎక్కువ వోల్టేజీ వచ్చిందని అనుకోవచ్చు. ఫ్రిజ్ కంప్రెసర్ కాలితే, అంతకు ముందు "టక్ టక్" మంటూ స్టార్ట్ కాలేకపోయి ఉంటే అది తక్కువ వోల్టేజీ. రూటరు, సెట్‌టాప్ బాక్స్ కేబుల్ వైపు నుంచి కాలిపోయి, బోర్డు మీది రాగి గీతలు ఆవిరైనట్టు పోతే అది పిడుగు. దాన్ని మీ జాబితాలో కలపకండి, విడిగా రాయండి. అన్నీ ఒకే ఖాతాలో వేస్తే బలమైన కేసు కూడా పలచబడుతుంది.

ఒకే వారంలో వీధి ఒక వైపు ఇళ్లలో ఎల్‌ఈడీలు, అడాప్టర్లు పోయి, ఇంకోవైపు ఫ్రిజ్ కంప్రెసర్లు, మోటార్లు పోయాయంటే న్యూట్రల్ అనుమానం చాలా గట్టిపడుతుంది. ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అన్న గుర్తు ఆ జాబితాలోనే ఉంది.

మూడో పని: ఎవరు ఏ ఫేజు మీద ఉన్నారు

ఇది పైకి చూసి చెప్పలేరు, ముఖ్యంగా ఏబీ కేబుల్ ఉన్నచోట. స్తంభం ఎక్కే ఆలోచనే పెట్టుకోవద్దు. రెండు ఇళ్ల మధ్య తీగ లాగి కొలిచే ప్రయోగమూ వద్దు. సులువైన దారి వీధిలో ఒక ఫేజు పోయిన రోజు కోసం ఆగడం. అది తరచూ జరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఏ ఇళ్లు చీకటిగా ఉన్నాయో, ఏవి వెలుగుతున్నాయో రాసుకోండి. అలా రెండు సార్లు, వేర్వేరు ఫేజులు పోయినప్పుడు రాస్తే మూడు గుంపులు తేలిపోతాయి. లైన్‌మ్యాన్‌తో పరిచయం ఉంటే అడిగినా చెబుతాడు.

ఒక్కో గుంపు నుంచి ఒక ఇంటిని ఎంచుకోండి. మూడూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒకే స్తంభాల వరస మీద, దాదాపు ఒకే దూరంలో ఉంటే మంచిది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఒక ఇంటిని కూడా నాలుగోదిగా పెట్టుకోండి. అతుకు మధ్యలో ఎక్కడో వదులైతే ఆ ఇల్లు బాగుంటుంది, మిగతా మూడూ ఊగుతాయి. తప్పు ఏ రెండు స్తంభాల మధ్య ఉందో అక్కడే సగం తెలిసిపోతుంది.

నాలుగో పని: ఒకే నిమిషంలో కొలవడం

అసలు పని ఇదే, తొందర పడకూడనిదీ ఇదే.

ముందు నాలుగు మీటర్లనూ ఒకే ఇంట్లో, ఒకే ప్లగ్గులో పెట్టి చూడండి. ఒకటి 231, ఇంకొకటి 226 చూపించొచ్చు. ఆ తేడాను ఒక కాగితం ముక్క మీద రాసి ఆయా మీటరుకు అంటించండి. స్టెబిలైజర్ మీది ముల్లు మీటర్లను, ఇన్వర్టర్ మీది అంకెలను కొలతగా తీసుకోకండి. అవి ఐదు పది వోల్టులు అటూ ఇటూ చూపిస్తాయి, ఆఫీసులో మొదటి అభ్యంతరం వాటి మీదే వస్తుంది.

నాలుగు ఇళ్లలో నలుగురు వాట్సాప్ గ్రూపులో ఉండండి. రోజుకు నాలుగు సమయాలు చాలు: ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 7:30, రాత్రి 11. గ్రూపులో ఒకరు "ఇప్పుడు" అని పెట్టగానే మిగతావాళ్లు మీటరు అంకె కనిపించేలా ఫోటో తీసి పెట్టాలి. ఫోటోలో అంకెతో పాటు గోడ గడియారమో ఇంకో ఫోనులోని సమయమో పడాలి. గ్రూపు సందేశం మీద వచ్చే సమయం రెండో సాక్ష్యం అవుతుంది. ఎర్త్ బాగున్న ఇంట్లో న్యూట్రల్–ఎర్త్ ఫోటో కూడా కావాలి. ఏడు రోజులు చేస్తే సరిపోతుంది. పెళ్లి మండపమో, అమ్మవారి సంబరాల డెకరేషనో ఉన్న రోజు వస్తే వదులుకోకండి. అన్ని లైట్లూ ఒకే ఫేజు మీద కట్టేస్తారు కాబట్టి ఆ రాత్రి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఫోటోలకు మించి ఒక వీడియో చాలా పనికొస్తుంది. ఒకే ఫేజు మీద నడిచే పిండిమర గానీ వెల్డింగ్ షాపు గానీ ఉంటే, అది మొదలయ్యే ముందు నుంచీ వేరే ఫేజు ఇంట్లో మీటరును రెండు నిమిషాలు తీయండి. మోటారు అందుకోగానే ఈ ఇంట్లో వోల్టేజీ పైకి లేచిందంటే ఆ వీడియోకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. మామూలుగా పెద్ద మోటారు మొదలైతే వోల్టేజీ తగ్గాలి. ఎవరికీ చెప్పుకోదగ్గంతగా పెరగకూడదు.

ఇప్పుడు వచ్చిన అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఒకే నిమిషంలో ఒక ఇల్లు పడి ఇంకో ఇల్లు లేచి, న్యూట్రల్–ఎర్త్ పది వోల్టులు దాటితే అది న్యూట్రల్. సాయంత్రం నాలుగు ఇళ్లూ కలిసి తగ్గి, వీధి చివరి ఇంట్లో మరీ ఎక్కువ తగ్గి, ఎవరికీ పెరగకపోతే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువైంది, లేదా లైను పొడవుగా, సన్నగా ఉంది. అర్ధరాత్రి నాలుగు ఇళ్లూ కలిసి 245, 250కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కిల్లు అందరికంటే ఎక్కువగా ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ అమరిక. మన ట్రాన్స్‌ఫార్మర్లు 11 కేవీని 433 వోల్టులకు దించేవి. వాడకం ఏమీ లేనప్పుడు ఒక్కో ఫేజుకు 250 రావడం వాటి తయారీలోనే ఉంది. అది హద్దు దాటినట్టే కానీ దానికి మందు వేరు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అయితే ట్యాప్ మార్చడం. దాన్ని న్యూట్రల్ ఫిర్యాదులో కలిపితే ఆఫీసు వాళ్లు సులువైనదాన్ని చేసి అసలుదాన్ని వదిలేస్తారు.

ఈ వారంలో ఎప్పుడైనా ఒక ఇంట్లో 270 దాటితే కొలవడం ఆపండి. మెయిన్ స్విచ్చు దించేయండి, గ్రూపులో అందరికీ చెప్పండి, 1912కు ఫోన్ చేసి "న్యూట్రల్ తెగింది, వోల్టేజీ పెరిగిపోయింది" అని ఆ మాటతోనే చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. 150కి పడిపోయిన ఇంట్లో కూడా ఫ్రిజ్, మోటారు ఆపేయాలి. అలాంటి సమయంలో ఎవరైనా ఎలక్ట్రీషియన్ వచ్చి న్యూట్రల్‌ను ఇంటి ఎర్త్‌కు కలిపేస్తే వోల్టేజీ సర్దుకుంటుందని చెబుతాడు. సర్దుకున్నట్టు కనిపిస్తుంది కూడా. కానీ వీధి న్యూట్రల్ కరెంటు మీ ఎర్త్ గొయ్యి గుండా పారుతుంది, నీళ్ల పైపులూ ఫ్రిజ్ తలుపులూ షాక్ కొడతాయి. ఎంత తెలిసినవాడు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఐదో పని: బయటి సాక్ష్యం

నేల మీద నిలబడి, ఫోను జూమ్ చేసి ఫోటోలు తీయండి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె లోపలికి వెళ్లకండి. కావాల్సినవి: ట్రాన్స్‌ఫార్మర్ మీద, స్తంభాల మీద రాసిన నంబర్లు, న్యూట్రల్ అతుకులు. చేత్తో మెలిపెట్టిన తీగ, నల్లబడిన క్లాంపు, తెల్లటి పొడి పట్టిన అతుకు ఫోటోలో బాగా తెలుస్తాయి. రాత్రి 7 నుంచి 9 మధ్య, ముఖ్యంగా వాన వెలిశాక, అతుకుల దగ్గర నిప్పురవ్వలు కనిపిస్తాయేమో చూడండి. పైన లెక్కలో 300 వాట్ల వేడి అన్నది ఇక్కడే. పది సెకన్ల వీడియోలో ఒక్క నిప్పురవ్వ పడితే, స్తంభం నంబరుతో కలిపి అది చాలా బరువైన సాక్ష్యం.

ఇంకో సాక్ష్యం మీ గోడ మీదే ఉంది. బిల్లు లెక్కించే డిజిటల్ మీటరు మీట నొక్కుతూ పోతే చాలా మీటర్లలో తెర మీద యూనిట్ల తర్వాత వోల్టేజీ కూడా వస్తుంది. అది కంపెనీ పెట్టిన పరికరం, దాని అంకెను కంపెనీయే కాదనలేదు. స్మార్ట్ మీటరైతే అరగంట లేదా పావుగంటకోసారి సగటు వోల్టేజీని, ఎక్కువ వోల్టేజీ, తక్కువ వోల్టేజీ వచ్చిన సమయాలను కూడా దాచిపెడుతుంది. ఆ డేటా మీరు తీయలేరు, కానీ అడగొచ్చు.

ఫిర్యాదు ఎలా రాయాలి

దక్షిణ ఒడిశాలో 2021 జనవరి నుంచి పంపిణీ టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్ చేతిలో ఉంది. మీ సెక్షన్ ఆఫీసుకు, కాపీ ఎస్‌డీఓకు ఇవ్వండి. ఒడియాలో గానీ ఇంగ్లిషులో గానీ రాయించండి. తెలుగులో రాస్తే చదివేవాళ్లు ఆఫీసులో ఉండొచ్చు, కానీ పైకి వెళ్లే ఫైలులో ఆ కాగితం ఆగిపోతుంది. ఒక పేజీ దాటకూడదు. "కరెంటు బాగా రావడం లేదు" అని కాకుండా ఇలా ఉండాలి:

> ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫలానా స్తంభం దాటిన ఇళ్లలో, ఫలానా తేదీ రాత్రి 7:30కు ఒకే నిమిషంలో మూడు ఇళ్ల వోల్టేజీ 179, 247, 274. న్యూట్రల్–ఎర్త్ 55. ట్రాన్స్‌ఫార్మర్ పక్క ఇంట్లో అదే నిమిషంలో 231. ఇది న్యూట్రల్ అతుకు వదులైన లక్షణం. ఫలానా స్తంభాల మధ్య అన్ని న్యూట్రల్ అతుకులూ సాయంత్రం 7 నుంచి 9 మధ్య, భారం మీద ఉండగా పరీక్షించి, బిగించాలి. ఈ మూడు మీటర్ల వోల్టేజీ వివరాలు, ఈవెంట్ వివరాలు ఫలానా తేదీల మధ్యవి డౌన్‌లోడ్ చేసి కాపీ ఇవ్వాలి.

"సాయంత్రం 7 నుంచి 9 మధ్య" అన్న మాట తప్పక ఉండాలి. అది లేకపోతే మళ్లీ మధ్యాహ్నం వస్తారు. హద్దు శాతం రాసేటప్పుడు ఒడిశా విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాల తాజా ప్రతిలో ఉన్న అంకెనే రాయండి. వారం రోజుల పట్టిక, ఎంచిన ఆరేడు ఫోటోలు, స్తంభం ఫోటో, వస్తువుల జాబితా అనుబంధంగా పెట్టండి. మొత్తం ఫోటోలు పెన్‌డ్రైవులో ఉంచుకుని, అడిగినప్పుడు ఇవ్వండి. వీధిలో ప్రతి ఇంటివాళ్లూ తమ వినియోగదారు నంబరుతో సంతకం చేయాలి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అది చేయకపోతే మీరు ఇచ్చినట్టు ఆధారమే లేదు.

కదలిక లేకపోతే కంపెనీ ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలి. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఐదో ఉపవిభాగం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థకూ అది ఉండి తీరాలి. అక్కడా సంతృప్తి లేకపోతే ఆరో ఉపవిభాగం ప్రకారం అంబుడ్స్‌మన్. ఈ వేదికలు సరఫరా బాగుచేయించడానికి బాగా పనికొస్తాయి. కాలిపోయిన టీవీ డబ్బు రాబట్టడం వేరే దారి. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ సంచిలో దాచిన బోర్డులూ, మెకానిక్ బిల్లులూ అసలు అవసరమవుతాయి. రెండు కోరికలనూ మొదటి ఫిర్యాదులోనే కలిపేస్తే ఆఫీసు ముందు డబ్బు విషయం మీద జాగ్రత్త పడి, అతుకు బిగించడాన్నీ వాయిదా వేస్తుంది. ముందు అతుకు, తర్వాత డబ్బు.

అతుకు బిగించారని చెప్పాక అదే నాలుగు ఇళ్లలో, అదే నాలుగు సమయాల్లో మూడు రోజులు కొలవండి. సాయంత్రం 7:30కు మూడు ఫేజులూ నాలుగైదు వోల్టుల తేడాలో ఉండి, న్యూట్రల్–ఎర్త్ రెండు మూడుకు దిగితే బాగుపడినట్టు. ఆ అంకెలతో ఇంకో కాగితం రాసి పాత ఫిర్యాదు నంబరు వేసి ఆఫీసులో ఇవ్వండి. న్యూట్రల్–ఎర్త్ ఇంకా ఎనిమిది, పది దగ్గరే ఉంటే ఒక అతుకు బిగించి ఇంకొకటి వదిలేశారని అర్థం. స్తంభం నంబరు మార్చి అదే ఫిర్యాదు మళ్లీ ఇవ్వాలి.